టూస్ మేలా, వన్స్ మేలా? కోడి వెంటపడ్డ కుర్రాడి షాటుతో లెక్క

యానిమేషన్ సాఫ్ట్‌వేర్ తెరిచి కొత్త ఫైలు పెట్టగానే ఫ్రేమ్ రేట్ ఎంత అని అడుగుతుంది. కొత్తవాళ్ళు చాలామంది అక్కడే తటపటాయిస్తారు. 12 పెడితే బొమ్మలు సగమే గియ్యాలి, పని సగానికి సగం తగ్గుతుంది. 24 పెడితే కదలిక నున్నగా వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. ఓపిక ఉన్నవాళ్ళు 24 అని, లేనివాళ్ళు 12 అని ఎంచుకుని పని మొదలుపెట్టేస్తారు. ఇది ఓపిక మీద తేల్చే విషయం కాదు, పైగా ఆ గడిలో పెట్టే అంకెతో తేలేది అంతకన్నా కాదు.

ముందు ఆ గడి సంగతి చూద్దాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మూకీల కాలంలో ఈ వేగం ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. 1920ల చివర్లో టాకీలు వచ్చాక ఫిల్ము వేగం మారితే మనిషి గొంతు కూడా మారిపోయేది కాబట్టి, 24 దగ్గర స్థిరపడింది. కార్టూన్లు గీసేవాళ్ళు ఆ 24ను ముట్టుకోలేదు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు ఉంచారు. ఫ్రేములు 24, బొమ్మలు 12. దీన్నే టూస్ మీద చెయ్యడం అంటారు. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ ఉంటే వన్స్. ఒక్కో బొమ్మ మూడు ఫ్రేములు ఉంటే త్రీస్, జపాన్ టీవీ సీరియళ్ళలో అది మామూలు విషయం.

కాబట్టి టూస్ మీద చెయ్యాలనుకున్నా సరే, ఆ గడిలో 24 అనే పెట్టండి. ఫైలునే 12 చేసేస్తే బొమ్మలతో పాటు కెమెరా కదలిక కూడా 12కు పడిపోతుంది. నేపథ్యం పక్కకు జరిగేటప్పుడు గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా ఒక వేగమైన కదలికకు నాలుగు బొమ్మలు ఎక్కువ పెడదామన్నా వాటికి చోటుండదు. 24 టైమ్‌లైన్‌లో మాత్రం ఒకే షాటులో ఒకచోట టూస్, ఒకచోట వన్స్ పెట్టుకోవచ్చు. ఓపెన్‌టూన్జ్‌లాంటి వాటిలో ముందు బొమ్మలన్నీ గీసేసుకుని, తర్వాత ఒక్కోటి రెండు ఫ్రేములు ఉండేలా సాగదీసుకునే వీలు కూడా ఉంది.

ఇక అసలు పోలిక. ఊరికే సిద్ధాంతం చెప్పుకుంటే తేలదు గనక ఒక షాటు తీసుకుందాం. అయిదు సెకన్లు, అంటే 120 ఫ్రేములు. తెర వెడల్పు 1920 పిక్సెళ్ళు. పెరట్లో ఒక కుర్రాడు కోడిపెట్టను పట్టుకోవాలని నక్కి ఉన్నాడు. మొదటి 48 ఫ్రేముల్లో మెల్లగా ముందుకు వంగుతాడు. 49 నుంచి 72 దాకా ఒక్క గెంతు గెంతి దాని మీద పడబోతాడు. కోడి తప్పించుకుంటుంది. 73 నుంచి 120 దాకా దాని వెంట పరుగు, ఆ పరుగుతో పాటు కెమెరా కూడా పక్కకు సాగుతుంది. ఈ షాటులో మూడు రకాల కదలికలున్నాయి. వాటికి ఒకే జవాబు రాదు.

మెల్లగా వంగడం దగ్గర మొదలుపెడదాం. ఇక్కడే వన్స్ మీద నమ్మకం ఉన్నవాళ్ళు దెబ్బతింటారు. కుర్రాడు 32 ఫ్రేముల్లో వంగి, చివరి 16 ఫ్రేములు ఊపిరి బిగపట్టి కదలకుండా ఉంటాడనుకోండి. వంగేటప్పుడు తల మొత్తం మీద జరిగేది 40 పిక్సెళ్ళు. వన్స్ మీద గీస్తే ఒక్కో బొమ్మకు తల సగటున ఒకటింబావు పిక్సెల్ జరగాలి. మొదట్లో, చివర్లో కదలిక ఇంకా నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ అర పిక్సెల్ కూడా ఉండదు. మరి అవుట్‌లైన్ గీత మందమే అయిదారు పిక్సెళ్ళు ఉంటుంది. అదే గీతను చేత్తో మళ్ళీ గీసినప్పుడు ఒక పిక్సెల్ అటూ ఇటూ పోవడం ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా తప్పదు. కదలిక ఎంతో, చేతి తేడా కూడా అంతే. ఫలితం ఏమిటంటే, తల వంగుతున్నట్టు కాక చలికి వణుకుతున్నట్టు కనిపిస్తుంది. ఆ వణుకు సెకనుకు 24 సార్లు.

టూస్ మీద అదే కదలికకు 16 బొమ్మలు చాలు. ఒక్కోదానికి రెండున్నర పిక్సెళ్ళ జరుగుడు దొరుకుతుంది. ఇదీ సన్నమైన పనే, కానీ చేతికి అందుతుంది. పైగా ఒక్కో బొమ్మ తెర మీద సెకనులో 12వ వంతు సేపు ఉంటుంది కాబట్టి గీతలో చిన్న తేడా ఉన్నా కంటికి గుచ్చుకోదు. నెమ్మది కదలికల్లో టూస్ అంటే చౌకబారు పని అనుకోవడం పొరపాటు. చేత్తో గీసేవాళ్ళకు అక్కడ అదే మెరుగైన పద్ధతి, తక్కువ శ్రమ అన్నది అదనంగా వచ్చే లాభం.

ఇప్పుడు గెంతు. గెంతేముందు ఒళ్ళు వెనక్కి లాక్కోవడానికి 12 ఫ్రేములు, గాల్లో 8, నేల మీద పడి సర్దుకోవడానికి 4. వెనక్కి లాక్కోవడం, పడ్డాక సర్దుకోవడం టూస్ మీద సాఫీగా జరిగిపోతాయి. చిక్కు ఆ 8 ఫ్రేముల దగ్గరే. గాల్లో కుర్రాడు తెర మీద 1200 పిక్సెళ్ళు దాటుతాడు. అతని ఒంటి వెడల్పు 200 పిక్సెళ్ళనుకుందాం. టూస్ మీద నాలుగు బొమ్మలే పడతాయి, ఒక్కో బొమ్మకు 300 పిక్సెళ్ళ దూరం. అంటే ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య 100 పిక్సెళ్ళ ఖాళీ. ఒకటి ఇంకోదాన్ని ఎక్కడా తాకదు. కన్ను ఆ రెంటినీ కలిపి ఒకే కదలికగా చూడలేక, కుర్రాడు ఇక్కడ మాయమై అక్కడ ప్రత్యక్షమైనట్టు చూస్తుంది. స్ట్రోబింగ్ అంటే ఇదే.

వన్స్ మీద ఒక్కో అడుగు 150 పిక్సెళ్ళు. ఒళ్ళు 200 కాబట్టి పక్కపక్క బొమ్మలు 50 పిక్సెళ్ళ మేర ఒకదాని మీద ఒకటి పడతాయి. కన్నుకు ఆ పట్టు చాలు. ఇది నేను అన్ని చోట్లా వాడే కొలత. కదిలే వస్తువు ఒక బొమ్మ నుంచి తర్వాతి బొమ్మకు తన సొంత వెడల్పు కంటే ఎక్కువ దూరం వెళ్తుంటే టూస్ చాలవు. ముందు వెనక బొమ్మలను లీలగా చూపించే ఆనియన్ స్కిన్ ఆన్ చేస్తే లెక్క కూడా అక్కర్లేదు, రెండు బొమ్మల మధ్య ఖాళీ కనిపిస్తుందో లేదో అదే చెబుతుంది. ఇంకో దారి కూడా ఉంది. నాలుగు బొమ్మలే ఉంచి, గాల్లో ఉన్నప్పుడు ఒంటిని పొడుగ్గా సాగదీసి గీస్తే ఖాళీ మూసుకుపోతుంది. దీన్ని స్మియర్ అంటారు. హాస్యం ఉన్న చోట ఇది వన్స్ కంటే చురుగ్గా ఉంటుంది. గంభీరమైన కథలో మనిషి రబ్బరులా సాగితే మాత్రం నప్పదు.

మూడోది పరుగు. మొత్తం వాదనను తేల్చేది ఇదే.

అడుగుకు ఆరు ఫ్రేముల చొప్పున పరుగు, రెండు అడుగులకు 12 ఫ్రేముల సైకిల్. అదే నాలుగు సార్లు తిప్పితే 48 ఫ్రేములు నిండుతాయి. కుర్రాడు తెర మధ్యలోనే కాళ్ళాడిస్తుంటాడు, వెనక పెరడు, గోడ, నేల ఫ్రేముకు 30 పిక్సెళ్ళ చొప్పున ఎడమకు జరుగుతుంటాయి. పాదం నేలను తాకిన క్షణం నుంచి లేచేదాకా అది నేలకు అతుక్కుని ఉండాలి, అంటే అదీ నేలతో పాటు ఫ్రేముకు 30 చొప్పున ఎడమకు జరగాలి. టూస్ మీద ఏమవుతుందో చూడండి. పాదం 1000వ పిక్సెల్ దగ్గర దిగింది. రెండో ఫ్రేములో నేల 30 జరిగిపోయింది, బొమ్మ మాత్రం అదే కాబట్టి పాదం 1000 దగ్గరే ఉంది. మూడో ఫ్రేముకు కొత్త బొమ్మ వచ్చి ఒక్కసారి 60 జరిగి నేలను అందుకుంటుంది. ప్రతి రెండో ఫ్రేములో పాదం కింద నేల జారుతోంది, వెంటనే మళ్ళీ కుదురుకుంటోంది. చూసేవాళ్ళకు కారణం తెలియదు గానీ, కుర్రాడు సబ్బునీళ్ళ మీద పరిగెడుతున్నట్టు మాత్రం తెలుస్తుంది.

దీనికి కొందరు ఒక చిట్కా వాడతారు. బొమ్మలు టూస్ మీదే ఉంచి, కుర్రాడి లేయరును నేల లేయరుకు కట్టేసి నడిపిస్తారు. అప్పుడు రెండో ఫ్రేములో బొమ్మ మారకపోయినా నేలతో పాటు జరుగుతుంది, పాదం జారదు. కానీ పాదంతో పాటు తల, మొండెం కూడా 30 పిక్సెళ్ళు వెనక్కి జరిగి, తర్వాతి బొమ్మతో ముందుకు దూకుతాయి. జారుడు పోయి అదురు వస్తుంది. నెమ్మదిగా నడిచే నడకలో ఫ్రేముకు నాలుగైదు పిక్సెళ్ళే కాబట్టి ఈ చిట్కా చెల్లుతుంది. 30 దగ్గర చెల్లదు. నేలను కూడా టూస్ మీద జరపవచ్చు కదా అంటారా? పాదానికీ నేలకూ లంకె కుదురుతుంది, కానీ తెరలో ముప్పాతిక భాగం ఉన్న నేపథ్యమంతా కుదుపులతో కదులుతుంది. గోడ మీది ఇటుకల గీతలు, వెదురు తడికలు లాంటి నిలువు గీతలుంటే కళ్ళు లాగేస్తాయి. కెమెరా వేగంగా సాగుతూ, పాదాలు తెరలో కనిపిస్తూ ఉంటే వన్స్ తప్ప వేరే మందు లేదు. పాదాలు తెరకు కింద పడిపోయేలా కుర్రాణ్ణి నడుము దాకా చూపిస్తే టూస్‌తో గట్టెక్కవచ్చు. తక్కువ డబ్బుతో చేసే సీరియళ్ళలో పరుగులు తరచూ నడుము పైనుంచే కనిపిస్తాయి, అందుకు ఇదీ ఒక కారణం.

1988లో వచ్చిన 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్'లో కార్టూన్ పాత్రలను వన్స్ మీద గీసింది కూడా ఈ లంకె కోసమే. నిజమైన నటులతో తీసిన ఫిల్ములో కెమెరా కదులుతూ ఉంటుంది, ప్రతి ఫ్రేమూ వేరుగా ఉంటుంది. కుందేలు బొమ్మ రెండు ఫ్రేములు ఒకేచోట నిలబడితే వెనకున్న నిజం గది మీద అది తేలిపోయినట్టు ఉండేది.

కోడిని మర్చిపోయాం. దానిది వేరే లేయరు, వేరే లెక్క. బెదిరిన కోడి రెక్క పైకీ కిందికీ కొట్టుకోవడానికి నాలుగు ఫ్రేములు పట్టిందనుకోండి. టూస్ మీద రెండే బొమ్మలు, రెక్క పైన, రెక్క కింద. మధ్య దారి లేదు కాబట్టి రెక్క కొట్టుకున్నట్టు కాక మినుకుమినుకుమన్నట్టు ఉంటుంది. వన్స్ మీద పైన, దిగుతూ, కింద, లేస్తూ అని నాలుగు బొమ్మలు దొరుకుతాయి. నాలుగు బొమ్మల సైకిలే కాబట్టి ఖర్చు లేని వన్స్ ఇది, సందేహించకుండా వాడుకోవచ్చు.

ఇప్పుడు కుర్రాడి బొమ్మల లెక్క వేద్దాం. అంతా టూస్ అయితే వంగడానికి 16, గెంతుకు 12, పరుగు సైకిల్‌కు 6, మొత్తం 34. అంతా వన్స్ అయితే 32, 24, 12 కలిపి 68. కలగలిపి చేస్తే వంగడం టూస్‌లో 16. గెంతులో ముందు భాగం 6, గాల్లో వన్స్ మీద 8, పడ్డాక 2, కలిపి 16. పరుగు వన్స్‌లో 12. మొత్తం 44. క్లీనప్, రంగుతో కలిపి బొమ్మకు అరగంట అనుకుంటే వరసగా 17 గంటలు, 34 గంటలు, 22 గంటలు. టూస్ కంటే అయిదు గంటలు ఎక్కువ పెడితే కంటికి తెలిసే లోపాలన్నీ పోతున్నాయి. ఆ పైన ఇంకో 12 గంటలు పెట్టి అంతా వన్స్ చేస్తే అదనంగా వచ్చేది ఏమిటంటే, వంగేటప్పుడు ఆ వణుకు.

ఇక్కడ ఒక జాగ్రత్త. టూస్ మీద చేసిన కదలికను వన్స్‌గా మార్చాలంటే ప్రతి రెండు బొమ్మల మధ్యా సరిగ్గా నడుమన ఇంకో బొమ్మ దూర్చడం కాదు. చెయ్యి ఊపినప్పుడు మణికట్టు వంపు తిరిగిన దారిలో పోతుంది. రెండు స్థానాలకూ నడిమి బిందువు తీసుకుంటే అది ఆ వంపుకు లోపల పడుతుంది, అలా అన్ని చోట్లా చేస్తే చెయ్యి వంపులో కాక మూలలు తిరుగుతూ పోతుంది. నేల మీద పడే చోట ఇంకా ఘోరం. గాల్లో చివరి బొమ్మకూ పాదం తాకిన బొమ్మకూ మధ్య ఉన్న పెద్ద దూరమే ఆ తాకిడికి బలం. అక్కడ నడిమి బొమ్మ పెడితే కుర్రాడు నేల మీద పడడు, దిగుతాడు. అందుకే వన్స్ చేసేటప్పుడు దూరాలు మళ్ళీ మొదటి నుంచి పంచుకోవాలి. కొత్త టీవీల్లో కదలికను నున్నగా చేసే సెట్టింగు తనంతట తాను మధ్య ఫ్రేములు పుట్టించి ఇదే పని చేస్తుంది. చేత్తో గీసిన బొమ్మల సినిమా చూసేముందు దాన్ని ఆపేయడం మంచిది.

త్రీడీలో, కటౌట్ పద్ధతిలో చేసేవాళ్ళకు ఈ ఖర్చు లెక్క తలకిందులవుతుంది. కంప్యూటర్ మధ్య ఫ్రేములు తనే నింపుతుంది కాబట్టి వన్స్ ఊరికే వస్తాయి, టూస్ కావాలంటేనే పని చెయ్యాలి. అయినా చేతి బొమ్మల కరుకుదనం కోసం చాలామంది టూస్ కోరుకుంటున్నారు. 2018 నాటి 'స్పైడర్‌మ్యాన్: ఇంటూ ది స్పైడర్-వర్స్'లో అడవి సన్నివేశం గుర్తుందా? అక్కడ అనుభవమున్న పీటర్ వన్స్ మీద సాఫీగా ఊగుతుంటే, ఇంకా నేర్చుకుంటున్న మైల్స్ టూస్ మీద తడబడుతూ వెళ్తాడు. ఫ్రేముల సంఖ్యతోనే పాత్ర స్థితి చెప్పారు.

ఇలా చెయ్యాలనుకుంటే రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో Posterize Time వేసి Frame Rate 12 పెడితే టూస్ వచ్చేస్తాయి. కానీ దాన్ని అన్నిటి పైనా ఉన్న అడ్జస్ట్‌మెంట్ లేయరుకు వేస్తే నేపథ్యం కూడా 12కు పడిపోతుంది, మొదట్లో చెప్పుకున్న గతుకులు తిరిగొస్తాయి. పాత్ర కదలికలన్నీ ఒక ప్రీకాంప్‌లో పెట్టి, ఆ లేయరుకు మాత్రమే వెయ్యాలి. రెండోది కీల స్థానం, అంటే ముఖ్యమైన భంగిమలు పెట్టిన ఫ్రేములు ఎక్కడున్నాయన్నది. టూస్‌లో బొమ్మ మారేది 1, 3, 5, 7 ఫ్రేముల్లో అయితే, పాదం నేలను తాకే కీ 70వ ఫ్రేములో ఉంటే అది తెర మీదకు రానే రాదు. 69 కనిపిస్తుంది, తర్వాత 71 కనిపిస్తుంది, అసలు తాకిడి మధ్యలో మాయం. ముఖ్యమైన కీలన్నీ బేసి ఫ్రేముల మీదకు జరిపిన తర్వాతే టూస్ చెయ్యాలి. కదలిక పేలవంగా ఉంది, ఎందుకో తెలియడం లేదు అనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే.

మాటలకు పెదవులాడించడం దగ్గర టూస్ హాయిగా సరిపోతాయి. మ, బ, ప పలికేటప్పుడు పెదవులు మూసుకున్న బొమ్మ కనీసం రెండు ఫ్రేములైనా కనిపించకపోతే చూసేవాళ్ళకు అందదు, టూస్‌లో ఆ రెండూ వాటంతటవే వస్తాయి. తెలుగులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. అమ్మ, అబ్బా, చెప్పు అన్నప్పుడు ఆ ఒత్తు దగ్గర పెదవులు ఇంకాసేపు మూసుకునే ఉంటాయి, అక్కడ మూసిన నోటి బొమ్మను నాలుగు ఫ్రేములు ఉంచేయవచ్చు. ఇంకో బొమ్మ మిగులు.

చివరగా, చూసే తెర. చాలా ఫోన్లు, మానిటర్లు సెకనుకు 60 సార్లు తెరను తాజా చేస్తాయి. 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది, సగం సారి చూపించడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేము మూడు సార్లు, తర్వాతిది రెండు సార్లు చూపిస్తాయి. వన్స్ మీద చేసిన కదలికలో ఒక బొమ్మ కాస్త ఎక్కువసేపు, మరొకటి కాస్త తక్కువసేపు ఉండి, సూక్ష్మంగా తడబడుతుంది. టూస్‌లో ప్రతి బొమ్మకూ మూడూ రెండూ కలిపి అయిదు సార్లు పడతాయి, ఏ బొమ్మకూ తేడా ఉండదు. 120 సార్లు తాజా చేసే ఫోన్లలో వన్స్‌కు కూడా ఈ ఇబ్బంది ఉండదు. మన దేశంలో టీవీ ప్రసారానికైతే సెకనుకు 25 ఫ్రేములు. 25ను రెండుతో భాగిస్తే సమంగా రాదు, అందుకే టీవీ కోసం చేసేటప్పుడు టైమ్‌లైన్ మొదటి నుంచే 25 పెట్టుకుని, సెకను హద్దులు పట్టించుకోకుండా బొమ్మకు రెండు ఫ్రేములు చొప్పున వేసుకుంటూ పోవాలి. 24లో చేసినదాన్ని 25కు మారుస్తూ ఫ్రేములు కలిపే సెట్టింగు వాడితే టూస్ బొమ్మల మధ్య రెండు బొమ్మలూ మసకగా కలిసిన దయ్యం ఫ్రేములు పుడతాయి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక గెంతు ఉన్న చోట ఒక్కో ఫ్రేము జరుపుతూ చూడండి, కుర్రాడికి నాలుగు చేతులు కనిపిస్తే ఆ సెట్టింగు ఆన్‌లో ఉన్నట్టే.